అడ్రస్ అడగకండి, ఉత్తరం అందించమని అడగండి

(హైదరాబాద్ నల్లకుంటలో ఒక కాలనీ సమావేశంలో ఒక సివిల్ న్యాయవాది చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంటి పనులు మానుకుని వచ్చారు. ఏం మాట్లాడమంటారని మీ కాలనీ కార్యదర్శి గారిని అడిగితే, కిందటి నెల మీ అపార్ట్‌మెంట్‌లో జరిగిన గొడవ గురించి చెప్పారు. ఎవరో వచ్చి, ఖాళీ చేసి వెళ్లిపోయిన వాళ్ల కొత్త అడ్రస్ కావాలన్నారట. వాచ్‌మన్ ఇవ్వలేదు. ఆయన కార్యదర్శి గారి దగ్గరికి వచ్చారు. ఈయనా ఇవ్వలేదు. "నాకు రావాల్సిన డబ్బుంది, మీరు దొంగకి కాపలా కాస్తున్నారు" అని పెద్ద మాట అనేసి వెళ్లారట. మనం చేసింది తప్పా అని కార్యదర్శి గారికి ఇంకా మనసులో ఉంది. తప్పు కాదండీ. ఎందుకు కాదో చెప్పాలంటే ముందు నా దగ్గర జరిగిన ఒక సంగతి చెప్పాలి.

నేను జూనియర్‌గా ఉన్న రోజులు. మా సీనియర్ గారి ఆఫీసు హిమాయత్‌నగర్‌లో ఉండేది. భర్త కొడుతున్నాడని ఇల్లు వదిలి వచ్చేసిన ఒకావిడ కేసు మా దగ్గరుండేది. ఒక మధ్యాహ్నం చక్కగా టక్ చేసుకున్న మనిషి ఒకాయన వచ్చాడు. చేతిలో స్వీటు ప్యాకెట్. "నేను ఆమెకి పెద్దనాన్న కొడుకునండీ, ఊరి నుంచి వచ్చాను, చెల్లెల్ని చూసి వెళ్దామని" అన్నాడు. సీనియర్ గారు కోర్టులో ఉన్నారు. ఆఫీసులో నేనూ, గుమాస్తా ఉన్నాం. గుమాస్తా ఫైలు తీసి అడ్రస్ చదివి చెప్పాడు. నేను పక్కనే కూర్చుని విన్నాను, వద్దనలేదు. ఆయన మాట తీరు అంత మర్యాదగా ఉంది.

వచ్చినవాడు ఆమె అన్న కాదు. భర్త తరఫు బంధువు. ఆ రాత్రి ఆమె ఉంటున్న గది ముందు నలుగురు నిలబడి అరిచారు. ఇంటి ఓనరు భయపడి ఖాళీ చేయమన్నాడు. పది రోజుల్లో ఆమె రెండిళ్లు మారింది, చిన్న పిల్లని వేసుకుని. తర్వాత ఆఫీసుకొచ్చి ఆమె మమ్మల్ని తిట్టలేదు. "నా అడ్రస్ మీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదండీ" అని మాత్రం అంది. ఆ మాట ఈ రోజుకీ నాకు వినిపిస్తూనే ఉంటుంది.

ఆ రోజు నేను నేర్చుకున్నది ఇది. అడిగే మనిషి నిజం చెబుతున్నాడో లేదో తెలుసుకునే దారి మన దగ్గర ఉండదు. అన్న అడిగినా, అన్న వేషంలో ఇంకొకడు అడిగినా మాట ఒకేలా ఉంటుంది. అబద్ధం చెప్పేవాడు సిద్ధపడి వస్తాడు కాబట్టి వాడి మాట ఇంకాస్త తీయగానే ఉంటుంది. రెండోది, ఇచ్చాక వెనక్కి తీసుకోలేం. ఫోన్ నంబరైతే మార్చుకోవచ్చు, బ్లాక్ చేయవచ్చు. ఇల్లు మారాలంటే అడ్వాన్సు కట్టాలి, పిల్లల బడి మార్చాలి, లారీ మాట్లాడుకోవాలి. మన తప్పుకి ఖర్చు పెట్టేది వాళ్లు. పైగా ఆ ఇంట్లో ఉండేది ఆ ఒక్క మనిషే కాదు. ఏ బాకీతోనూ, ఏ గొడవతోనూ సంబంధం లేని తల్లిదండ్రులు, పిల్లలు ఉంటారు. వాళ్ల తలుపు కూడా అదే తలుపు.

ఇది మన ఊళ్లోనే కాదు. 1999లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఒకడు 20 ఏళ్ల అమ్మాయి వెంటపడ్డాడు. ఆమె ఎక్కడ పనిచేస్తుందో తెలుసుకోవడానికి సమాచారం అమ్మే ఒక కంపెనీకి డబ్బు కట్టాడు. వాళ్లు ఒక మహిళ చేత ఆ అమ్మాయికే ఫోన్ చేయించి, ఎవరు మాట్లాడుతున్నదీ ఎందుకు చేసిందీ అబద్ధం చెప్పించి, పని చేసే చోటు రాబట్టి వాడికి అమ్మారు. వాడు అక్కడే కాపు కాసి ఆమెని చంపేశాడు. కేసు ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2003లో కోర్టు ఏమందంటే, ఇలాంటి సమాచారం అమ్మితే వెంటపడే వాళ్ల చేతిలో పడుతుందని ముందే ఊహించవచ్చు, కాబట్టి అమ్మేవాడికి ఆ మూడో మనిషి పట్ల జాగ్రత్త చూపే బాధ్యత ఉంది అంది. మూడో మనిషి అంటే, ఆ బేరంలో తన మాట అడగని మనిషి. ఐదు వేలిస్తే అడ్రస్ తీసిపెడతాం, కాల్ రికార్డులు తెచ్చిపెడతాం అనేవాళ్లు మన దగ్గరా ఉన్నారు. కాల్ రికార్డులు దర్యాప్తు కోసం అధికారం ఉన్న అధికారులు తీసుకునేవి. వాటిని కొనుక్కున్నవాడు తన బాకీ వసూలు చేసుకోవడం అటుంచి, తానే ముద్దాయి అవుతాడు.

మన దేశంలో చూస్తే, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. సమాచార హక్కు చట్టం పెట్టి అడుగుతానంటారు కొందరు. ప్రభుత్వ ఉద్యోగి విషయంలో కూడా ఆ చట్టం ఆఫీసు వరకే దారి చూపిస్తుంది. అధికారులు, ఉద్యోగుల జాబితాను కార్యాలయాలు వాటంతట అవే ప్రకటించాలని సెక్షన్ 4 చెబుతుంది. ఇంటి అడ్రస్ అడిగితే మాత్రం సెక్షన్ 8(1)(జె) కింద వ్యక్తిగత సమాచారమని తిరస్కరిస్తారు. అది సబబే. ఆయనతో మీకు పని ఉంటే ఆ పని ఆఫీసుదే కదా, ఆఫీసుకే రాయండి.

ఓటరు జాబితాలో ఇంటి నంబరు ఉంటుంది, సేల్ డీడ్‌లో ఉంటుంది, ఇక దాచేదేముంది అని కూడా అడుగుతారు. నిజమే, ఉంటుంది. ఓటరు జాబితా ఉన్నది దొంగ ఓటు పట్టుకోవడానికి. డీడ్ ఉన్నది ఆస్తి ఎవరిదో తెలియడానికి. ఆ పని మీద చూసేవాడు చూస్తాడు. కోపంతో ఊగిపోతున్న మనిషి చేతిలో మనం చీటీ రాసి పెట్టడం వేరే సంగతి. అందులోనూ మన హైదరాబాద్ ఇంటి నంబర్ల సంగతి మీకు తెలుసు. ఒక నంబరు పక్కన ఇంకే నంబరో ఉంటుంది, వాటి మధ్య బై నంబర్లు. కాగితం మీద అడ్రస్ ఉన్నా ఇల్లు దొరకదు. ఇస్త్రీ బండి దగ్గరో, కిరాణా కొట్టులోనో, వాచ్‌మన్‌నో అడిగితేనే దొరుకుతుంది. అంటే ఈ ఊళ్లో మనిషికి రక్షణ ఆ ముగ్గురి నోట్లోనే ఉంది.

సరే, ఇవ్వకూడదు అన్నాం. మరి నిజంగా డబ్బు రావాల్సిన మనిషి ఏం చేయాలి? ఆయనకీ న్యాయం కావాలి కదా. నేను ఎక్కువ మాట్లాడదామనుకున్నది దీని గురించే.

విద్యానగర్‌లో ఒక రిటైర్డ్ మాస్టారు. పేరు చెప్పను, కొన్ని వివరాలు మార్చి చెబుతాను. పై పోర్షన్‌లో అద్దెకున్న కుర్రాడికి 2022 జూన్ 10న రెండు లక్షల నలభై వేలు చేబదులు ఇచ్చారు. ప్రామిసరీ నోటు రాయించుకున్నారు. అది చాలా మంచి పని చేశారు. 2024 జనవరిలో ఆ కుర్రాడు ఖాళీ చేసి ఎక్కడికో కూకట్‌పల్లి వైపు వెళ్లిపోయాడు. మొదట్లో ఫోన్ ఎత్తేవాడు, తర్వాత మానేశాడు. 2025 ఫిబ్రవరిలో మాస్టారు నా దగ్గరికి వచ్చేసరికి బీపీ మాత్రలు జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. మాదాపూర్‌లో ఆ కుర్రాడి కంపెనీకి వెళ్తే రిసెప్షన్‌లో అడ్రస్ ఇవ్వం అన్నారు, ఈయన అక్కడ అరిచారు. గ్యాస్ ఏజెన్సీకి వెళ్తే ఇవ్వలేదు. అతని కొడుకు చదివిన బడికి వెళ్తే ఇవ్వలేదు. "ఊరంతా కలిసి వాడిని దాస్తున్నారమ్మా" అన్నారు.

నేను అడిగాను. "మాస్టారూ, అడ్రస్ దొరికిందనుకోండి, ఏం చేస్తారు?" ఆయన కాసేపు ఆలోచించి, "వెళ్లి అడుగుతాను" అన్నారు. "ఇవ్వనంటే?" "పది మందిలో అడుగుతాను." అంటే ఆయనకి కావాల్సింది డబ్బు. కానీ అడ్రస్ దొరికితే జరిగేది గొడవ. రెండూ ఒకటి కాదు. డబ్బు రావడానికి ఆ కుర్రాడికి కాగితం చేరాలి, అంతే. కాగితం చేరడానికి ఆయన ఎక్కడుంటున్నాడో మాస్టారికి తెలియాల్సిన అవసరం లేదు. దీన్ని ఆయనకి ఒప్పించడానికే నాకు గంట పట్టింది.

మొదట చూసింది తేదీ. డిమాండ్ ప్రామిసరీ నోటు అంటే, అడగగానే ఇస్తానని రాసిచ్చిన నోటు మీద దావా వేయడానికి గడువు రాసిన నాటి నుంచి మూడేళ్లు. అంటే 2025 జూన్ 10. మా చేతిలో నాలుగు నెలలే ఉన్నాయి. చాలామంది లీగల్ నోటీసు పంపిస్తే గడువు ఆగిపోతుందనుకుంటారు. ఆగదు. నోటీసు మీద నోటీసు పంపుతూ కూర్చుంటే నోటు చచ్చిపోతుంది. అడ్రస్ కోసం ఏడాది తిరిగిన మాస్టారు దాదాపు అలాగే పోగొట్టుకోబోయారు. కాబట్టి ఏప్రిల్ ఆఖరు దాకా మాటలతో ప్రయత్నిద్దాం, అప్పటికి తేలకపోతే దావా వేసేద్దాం అనుకున్నాం.

తర్వాత ఇంట్లో ఉన్న కాగితాలు తీయమన్నాను. అద్దె ఒప్పందం పత్రం దొరికింది. అందులో ఖమ్మం జిల్లాలో శాశ్వత చిరునామా ఉంది, ఆ కుర్రాడు తానే రాసిచ్చింది. ఇలాంటి అవసరానికే అది రాయించుకుంటాం. దాన్ని వాడటం దొంగతనం కాదు. ఆయన ఇచ్చిన ఈమెయిల్ ఉంది. కంపెనీ పేరు ఉంది. కంపెనీ ఆఫీసు ఎక్కడుందో అందరికీ తెలిసిందే. మూడు దారులు దొరికాయి, ఎవరి నోరూ విప్పించకుండానే.

నోటీసు రాశాను. ఒక పేజీ. ఎప్పుడు, ఎంత, ఏ నోటు మీద, 15 రోజుల్లో ఇవ్వమని, లేకపోతే దావా వేస్తామని. బెదిరింపు మాట ఒక్కటీ లేదు. ఒక కాపీ ఖమ్మం ఊరికి రిజిస్టర్డ్ పోస్టులో రసీదు కార్డుతో పంపాం. మీరు ఇప్పుడు పంపాలంటే, 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు, కౌంటర్‌లో రిజిస్ట్రేషన్‌తో పంపాలని అడగండి. ఒక కాపీ ఈమెయిల్ చేశాం.

మూడోది కంపెనీకి. ఇక్కడ కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. హెచ్‌ఆర్‌కి "మీ ఉద్యోగి బాకీ ఎగ్గొట్టాడు" అని రాయకూడదు. అది పరువు తీయడం కిందికి రావచ్చు, మీ మీదే కేసు కావచ్చు. మేం చేసింది రెండు కవర్లు. లోపలి కవరు అతికించి, దాని మీద కుర్రాడి పేరు మాత్రం రాసి, "వ్యక్తిగతం" అని రాశాం. దాన్ని పెద్ద కవర్లో పెట్టి, హెచ్‌ఆర్‌కి నాలుగు వాక్యాల ఉత్తరం రాశాం. లోపల ఉన్నది మీ ఉద్యోగికి సంబంధించిన వ్యక్తిగత ఉత్తరం. ఆయన చిరునామా మాకు చెప్పనక్కర్లేదు. దయచేసి ఆయనకి అందించండి. అందించినట్టు ఒక్క మాట తెలియజేస్తే చాలు. తిట్లు తిన్న రిసెప్షన్ ఉన్న ఆ కంపెనీయే నాలుగు రోజుల్లో "అందజేశాం" అని మెయిల్ పెట్టింది. వాళ్లకి కూడా ఇది సుఖం. వాళ్లు కాదనింది అడ్రస్‌నే కానీ సాయాన్ని కాదు.

ఈ రెండు కవర్ల పద్ధతి ఎక్కడైనా పనిచేస్తుంది. పాత ఇంటి ఓనరు, చదివిన కాలేజీ, పెళ్లి చేయించిన పంతులు గారు, పాత ఆఫీసులో స్నేహితుడు. వాళ్ల దగ్గరున్న అడ్రస్ వాళ్ల దగ్గరే ఉంటుంది, పై కవరు మీద వాళ్లే రాస్తారు. ముప్పై ఏళ్ల కిందటి స్నేహితురాలి కోసం వెతుకుతున్నామని వచ్చేవాళ్లకి కూడా నేను ఇదే చెబుతాను. ఆమెకి ఇష్టమైతే జవాబిస్తుంది. పోస్టాఫీసు కూడా ఇలాంటి పనే చేస్తుంది. ఇల్లు మారిన మనిషి తన పోస్టాఫీసులో దరఖాస్తు ఇచ్చి ఉంటే, పాత అడ్రస్‌కి వచ్చిన ఉత్తరాలు కొత్త దానికి మళ్లిస్తారు. ట్రాకింగ్‌లో ఏ పోస్టాఫీసు బట్వాడా చేసిందో కనిపించవచ్చు కానీ ఇంటి నంబరు కనిపించదు.

ఇందులో మన కార్యదర్శి గారికి పనికొచ్చే సంగతి ఒకటుంది. అడ్రస్ అడుగుతూ వచ్చిన మనిషికి, "అడ్రస్ ఇవ్వలేనండీ, మీ పేరు, ఫోన్ నంబరు, ఒక ఉత్తరం ఇవ్వండి, వాళ్లకి పంపిస్తాను" అనండి. నిజంగా పని ఉన్న మనిషి గొణుక్కుంటూనే ఉత్తరం రాసిస్తాడు. తన పేరు రాయనంటాడు, ఉత్తరం వద్దంటాడు, సందు పేరైనా చెప్పు చాలు అంటాడు అంటే, ఆయన వెళ్లాలనుకుంటున్నది మాట చెప్పడానికి కాదు. కోపం ఒక్కటే చూసి లెక్కేయకండి. మా మాస్టారూ కోపంగానే వచ్చారు, కానీ ఉత్తరం రాశారు. ఇంకో జాగ్రత్త. "వాళ్లు ఇక్కడ ఉన్నారా లేదా అన్నది కూడా చెప్పలేను" అనాలి. "వాళ్లు కూకట్‌పల్లి వెళ్లారు గానీ అడ్రస్ తెలీదు" అన్నామంటే సగం చెప్పేసినట్టే. వాచ్‌మన్‌కి ఈ వాక్యం నేర్పండి. దాంతో పాటు మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర గోడకి అతికించిన ఫ్లాట్ల పేర్ల జాబితా చూశాను, దాన్ని తీసేయండి.

మాస్టారి దగ్గరికి వద్దాం. ఖమ్మం ఊళ్లో ఉత్తరం తీసుకున్నది కుర్రాడి తండ్రి. మూడో రోజు నాకు ఫోన్ చేశారు. "అమ్మా, వాడు చెప్పలేదు మాకు" అన్నారు. వారం తిరగకుండా ఆ కుర్రాడు నా ఆఫీసుకి వచ్చాడు. ఉద్యోగం మధ్యలో ఆరు నెలలు పోయిందట. ఎందుకు ఫోన్ ఎత్తలేదయ్యా అంటే, "మా అత్తగారికి గుండె ఆపరేషన్ అయింది మేడమ్, ఇంట్లోనే ఉంది. మాస్టారు ఆఫీసుకొచ్చి అరిచారని తెలిసింది. ఇంటికి కూడా వస్తారేమోనని టెన్షన్" అన్నాడు. అతను ఎత్తకపోవడం తప్పే, నేను ఆ మాట అన్నాను. కానీ రిసెప్షన్‌లో ఆ రోజు అడ్రస్ ఇచ్చి ఉంటే ఆ ఇంట్లో ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

మార్చి 22న కాగితం రాసుకున్నాం. ఆ రోజు అరవై వేలు ఇచ్చాడు. మిగతా లక్షా ఎనభై వేలు నెలకి పదిహేను వేల చొప్పున పన్నెండు నెలలు. వడ్డీ వద్దన్నారు మాస్టారు. ఆ కాగితంలో "నేను బాకీ ఉన్న మాట నిజం" అని రాసి సంతకం పెట్టించాను. గడువు తీరకముందు ఇలా రాసి సంతకం పెడితే, లిమిటేషన్ చట్టం సెక్షన్ 18 ప్రకారం ఆ తేదీ నుంచి మళ్లీ కొత్తగా మూడేళ్లు లెక్క. అది లేకుండా మాట మీద వదిలేస్తే జూన్ తర్వాత మాస్టారి చేతిలో చిత్తు కాగితం మిగిలేది. అతని ఇంటి అడ్రస్ మాస్టారికి ఈ రోజుకీ తెలీదు. అడగడం కూడా మానేశారు.

ఆ కుర్రాడు రాకపోయి ఉంటే అన్న ప్రశ్న మీకు వస్తుంది. దావా వేసేవాళ్లం. నోటు రాసింది విద్యానగర్‌లో కాబట్టి హైదరాబాద్ కోర్టులోనే వేయవచ్చు, ప్రతివాది ఎక్కడుంటున్నాడన్న దానితో పని లేదు. దావాలో ప్రతివాది నివాసం రాయాలి కదా అంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7లో ఉన్న మాట "తెలుసుకోగలిగినంత వరకు" అని. ఇల్లు తెలియకపోతే దావా వేయలేరని చట్టం ఎక్కడా అనలేదు. మాకు ఆఫీసు అడ్రస్, ఊరి అడ్రస్ ఉన్నాయి, వాటికే సమన్లు అడిగేవాళ్లం.

అక్కడా అందకపోతే, తప్పించుకు తిరుగుతున్నాడని గానీ, మామూలు పద్ధతిలో అందించడం కుదరడం లేదని గానీ కోర్టు నమ్మితే, ఆర్డర్ 5 రూల్ 20 కింద వేరే పద్ధతిలో అందించమంటుంది. కోర్టు నోటీసు బోర్డు మీద, ఆయన చివరిసారి ఉన్నట్టు తెలిసిన ఇంటి మీద అతికిస్తారు. లేదా ఆయన చివరగా ఉన్న, పనిచేసిన ప్రాంతంలో నడిచే దినపత్రికలో ప్రకటన వేయిస్తారు. పేపర్లో "ప్రతివాదికి నోటీసు" అని చిన్న అక్షరాల్లో వస్తాయి చూడండి, అవే. మాస్టారి విషయంలో ఒక చిక్కు ఉంది. ఆ కుర్రాడి చివరి ఇల్లు మాస్టారి పై పోర్షనే! సొంత ఇంటి గోడకి నోటీసు అతికించి అందిందంటే ఏ జడ్జి గారు ఒప్పుకుంటారు? అందుకే ఆఫీసు, ఊరు ముందు ప్రయత్నించడం ముఖ్యం.

పేపర్ ప్రకటన మీద వచ్చిన ఎక్స్‌పార్టీ డిక్రీని, అంటే ప్రతివాది రాకుండానే కోర్టు ఇచ్చిన తీర్పుని చూసి పని అయిపోయిందనుకోకండి. ప్రతివాది తర్వాత వచ్చి నాకు తెలీదు, డిక్రీ రద్దు చేయండి అని అడగవచ్చు. దానికి గడువు 30 రోజులు. సమన్లు సరిగ్గా అందినవాడికి డిక్రీ నాటి నుంచి లెక్క, అందనివాడికి తెలిసిన నాటి నుంచి. ఈ లెక్కకి పేపర్ ప్రకటనని సరిగ్గా అందించినట్టు చూడకూడదని లిమిటేషన్ చట్టంలోనే వివరణ ఉంది. అంటే రెండేళ్ల తర్వాత కూడా డిక్రీ ఊడిపోవచ్చు. మీరు ఏ తేదీన ఎక్కడికి పంపారు, ఏమని తిరిగొచ్చింది, "ఇల్లు మారారు" అని రాశారా, "తీసుకోలేదు" అని రాశారా, ఆ కవర్లన్నీ విప్పకుండా దాచండి. వెతికానని చూపించేది అవే. ఇక, ఎక్కడున్నాడో తెలిసి కూడా తెలీదని పేపర్లో వేయించేవాళ్లున్నారు. అది కోర్టుకి అబద్ధం చెప్పడం, బయటపడితే డిక్రీ నిలవదు.

డిక్రీ గట్టిగా వచ్చాక వసూలుకి కూడా ఇల్లు అక్కర్లేదు. ఉద్యోగి అయితే జీతంలో చట్టం అనుమతించినంత మేరకు కంపెనీ నుంచే జప్తు చేయించవచ్చు. బ్యాంకు ఖాతా తెలిస్తే బ్యాంకుకే ఉత్తర్వు పంపించవచ్చు. ఏ ఆస్తులున్నాయో అఫిడవిట్ వేయమని కోర్టు ఆయన్నే అడగగలదు. ఖర్చు భరించలేని ఆడవాళ్లు, ఎస్సీ, ఎస్టీ వాళ్లు ఉంటే, సిటీ సివిల్ కోర్టులో న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి. వాళ్లకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరుని పెడతారు.

గొడవ డబ్బుది కాకుండా భయానిది అయితే దారి మారిపోతుంది. ఎవరో మిమ్మల్ని బెదిరిస్తున్నారు, వాళ్లెక్కడుంటారో తెలియాలి అంటే అది మీరు వెతకాల్సిన పని కాదు. నంబరు, మెసేజీలు పోలీసులకి ఇవ్వండి, వెతికే అధికారం వాళ్లకుంది. ఆడపిల్లల వెంటపడే వాళ్ల మీద 2014 నుంచి షీ టీమ్స్ ఉన్నాయి. వెంటపడటం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78 కింద నేరం. రోడ్డు మీద బండి గుద్ది వెళ్లిపోయినా అంతే, నంబరు పోలీసులకి.

ఇంకేమైనా అడగాలంటే అడగండి. అమ్మా, వెనకాల మీరు లేచారు, చెప్పండి.

(ఒక మహిళ: మా అబ్బాయికి 26 ఏళ్లండీ. ఇంట్లో మాటా మాటా వచ్చి వెళ్లిపోయాడు. ఎనిమిది నెలలైంది. వాడి స్నేహితుడికి తెలుసు ఎక్కడున్నాడో, చెప్పడం లేదు. తల్లికి కూడా చెప్పకూడదా అండీ?)

అమ్మా, మీ బాధ నాకు అర్థమైంది. ఆ స్నేహితుడి మీద కోపం తెచ్చుకోకండి. మీ అబ్బాయికి మీతో ఉన్న ఆఖరి తాడు ఆ పిల్లవాడే. వాడి నోరు విప్పించారంటే మీ అబ్బాయి అతన్ని కూడా దూరం పెడతాడు. బాగున్నాడని ఆ స్నేహితుడు చెబుతున్నాడు కదా? అయితే పోలీసు కేసు అవసరం లేదు. ఏమీ తెలియకపోతే మాత్రం స్టేషన్లో మిస్సింగ్ ఫిర్యాదు ఇవ్వాలి, ఆలస్యం చేయకుండా. వాళ్లు వెతుకుతారు. దొరికిన మనిషి మేజర్ అయి, నేను నా ఇష్టంతోనే ఉన్నాను, ఇంటికి రాను అంటే బలవంతంగా తెచ్చి అప్పగించరు. క్షేమమని మీకు తెలుస్తుంది. తనకిష్టం లేకపోతే అడ్రస్ ఇవ్వరు. తల్లికే కదా అనిపిస్తుంది. కానీ ఇల్లు వదిలి వచ్చినవాళ్లలో కొందరికి భయం ఇంటివాళ్లతోనే. నా ఆఫీసుకి వచ్చిన ఆ స్వీటు ప్యాకెట్ మనిషి కూడా నేను ఇంటివాణ్ణే అన్నాడు. మీరు అలాంటివారు కాదు. ఆ సంగతి స్టేషన్లో కూర్చున్నవాళ్లకి ఎలా తెలుస్తుంది చెప్పండి.

మీరు చేయాల్సింది ఒక ఉత్తరం. ఎక్కడున్నావు అని అడగకండి. ఎందుకు వెళ్లావు అని కూడా వద్దు. నాన్న ఆరోగ్యం గురించి రాసి భయపెట్టకండి. మీరెలా ఉన్నారో రెండు మాటలు, వాడి గది అలాగే ఉందని ఒక మాట, మీ ఫోన్ నంబరు. వారంలో ఏ రోజు ఏ వేళకి ఫోన్ మీ ఒక్కరి దగ్గరే ఉంటుందో అది రాయండి. అతికించి ఆ స్నేహితుడికి ఇవ్వండి, చదవొద్దని చెప్పక్కర్లేదు, అతికించారు కదా. నెలకొకటి చాలు.

రాయడం రాదంటారా? ఫరవాలేదమ్మా, కూర్చోండి. మీటింగ్ అయ్యాక వెళ్లిపోకండి. నా దగ్గర కాగితాలున్నాయి. మీరు చెప్పండి, నేను రాసిపెడతాను.